మిషన్ చెప్పింది సరే, మిషన్‌కు ఎవరు చెప్పారు?

పోస్టు కొంచెం పెద్దదే. పోయిన వారం గ్రూపులో "మిషన్ సెంటీమీటరుతో సహా చూపించాక ఇంకా వాదన ఏమిటి, సంతకం పెట్టి గోడ తీసేద్దాం" అని రాసినవాళ్లు పన్నెండు మంది. ఆ పన్నెండు మందీ దయచేసి చివరిదాకా చదవండి. తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మా సంగతి మీకు తెలుసు. చదివింది తమిళ మీడియంలో. ఉద్యోగం రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగిరీ. తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నదే తప్ప బడిలో నేర్చుకున్నది కాదు. కాబట్టి రాతలో తప్పులుంటే మన్నించండి. లెక్కలో తప్పుంటే మాత్రం మన్నించవద్దు.

జరిగింది ముందు చెప్తాం. మన హాలు ఉన్నది అరవై నలభై సైటులో. తూర్పు పక్కన ఉత్తర దక్షిణాలుగా వర్షపు నీటి కాలువ పోతుంది. పక్క స్థలం వాళ్లు పిలిపించిన ఒక ప్రైవేటు సర్వే కుర్రాడు మన పర్మిషనుతోనే డాబా ఎక్కి మూడు కాళ్ల స్టాండు పెట్టాడు. దాని మీద తెల్ల పుట్టగొడుగులాంటి మిషన్ ఒకటి బిగించి, రెండోది రెండు మీటర్ల కర్రకు తగిలించుకుని నాలుగు మూలలూ తిరిగాడు. మొత్తం అరగంట. మూడు రోజులకు డ్రాయింగ్ వచ్చింది: మన తూర్పు గోడ 0.90 మీటర్లు కాలువలోకి వచ్చేసిందట. అడుగున "ఖచ్చితత్వం: 1 సెంటీమీటరు" అని రాసి ఉంది.

కమిటీలో కలకలం లేచింది. గోడ పోతే దానికి ఆనుకుని ఉన్న వంటగది షెడ్డూ పోతుంది. మనం చందాలు వేసుకుని కట్టుకున్న షెడ్డు అది. అయినా ఎక్కువ మంది మాట ఒకటే: "మిషన్ అబద్ధం చెప్పదన్నా."

మిషన్ అబద్ధం చెప్పదు, ఒప్పుకుంటాం. కానీ అది ఒకరు చెప్పిన మాట మీద ఆధారపడి చెప్తుంది. ఆ ఒకరు ఎవరు అన్నదే మా ప్రశ్న. ఉపగ్రహాలను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే ఇస్రో వారి ఇస్ట్రాక్ ఇదే పీణ్యలో ఉంది. ఆ గేటు ముందు నుంచి రోజూ బస్సులో పోతాం. అలాంటి పేటలో ఉండి కూడా ఉపగ్రహం పేరు వినగానే నోరు మూసుకోవడం మనకు తగదు.

సెంటీమీటరు ఎక్కడి నుంచి వస్తుంది

మీ చేతి ఫోను కూడా ఉపగ్రహాలనే వింటుంది. అయినా ఆరుబయట నిలబడితే కొన్ని మీటర్ల తేడా చూపిస్తుంది. జీపీఎస్ ఉపగ్రహం ఇరవై వేల కిలోమీటర్ల పైన ఉంటుంది. దాని గడియారంలో సూక్ష్మమైన తేడా, అది ఉన్నచోటు లెక్కలో తేడా, దారిలో గాలి పొరలు సంకేతాన్ని ఆలస్యం చేయడం, ఇవన్నీ కలిస్తే ఆ మీటర్లు అవుతాయి.

సర్వే వాళ్లు దీనికి ఒక ఉపాయం పట్టారు. ఒక మిషన్‌ను కదలకుండా ఒకచోట పెడతారు. దాన్ని బేస్ అంటారు. అది ఉన్నచోటు ముందే తెలుసు కాబట్టి ఉపగ్రహం మాటకూ నిజానికీ తేడా ఎంతో అది క్షణక్షణం పట్టుకోగలదు. తిరిగే రెండో మిషన్ పేరు రోవర్. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఒకే ఆకాశం కింద ఉన్నట్టే, పైనుంచి వచ్చే తప్పులు రెండింటికీ దాదాపు ఒక్కటే. బేస్ తన కొలతలను రేడియోలోనో మొబైల్ డేటాలోనో రోవర్‌కు పంపుతుంది. రోవర్ ఆ ఉమ్మడి తప్పును తీసేసుకుంటుంది. అక్కడికక్కడే జరిగే ఈ పద్ధతికే ఆర్‌టీకే అని పేరు.

ఇంకో మెట్టు కూడా ఉంది. సెంటీమీటరు రావాలంటే సంకేతంలోని సమాచారం చాలదు, దాన్ని మోసుకొచ్చే అలనే కొలవాలి. జీపీఎస్ మొదటి అల పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. ఒక అలలో ఎక్కడున్నామో మిషన్ మిల్లీమీటర్లలో చెప్పగలదు. కానీ ఉపగ్రహం నుంచి తనదాకా మొత్తం ఎన్ని అలలు పట్టాయో దానికి మొదట తెలియదు.

బండి చక్రాన్ని తలుచుకోండి. చక్రం మీద సున్నంతో గీత గీస్తే, ఆగిన చోట గీత ఏ కోణంలో ఉందో కళ్లతో చూసి చెప్పవచ్చు. చక్రం మొత్తం ఎన్ని చుట్లు తిరిగిందో గీత చెప్పదు. చుట్ల లెక్క వేరుగా తేల్చాలి. రోవర్ చాలా ఉపగ్రహాలను ఒకేసారి విని, ఏ చుట్ల లెక్క పెడితే అన్నీ పొసుగుతాయో వెతుకుతుంది. ఇంకా వెతుకుతుంటే తెర మీద FLOAT అని ఉంటుంది. అప్పుడు కొలత కొన్ని పదుల సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు. లెక్క తేలిందని అది నమ్మితే FIX అని పడుతుంది. సెంటీమీటరు మాట FIX పడ్డాకనే.

"నమ్మితే" అన్న మాట కావాలనే రాశాం. దాని సంగతి తర్వాత.

బేస్‌కు ఎవరు చెప్పారు

బేస్ ఉన్నచోటు ముందే తెలుసు అన్నాం కదా. మన డాబా మీద స్టాండు పెట్టిన కుర్రాడికి ఆ చోటు ఎలా తెలిసింది? మేము పక్కనే నిలబడి చూశాం. తెర మీద HERE అన్న బటన్ నొక్కాడు. అంటే "నువ్వు ఇప్పుడు ఎక్కడున్నావనుకుంటున్నావో అదే నిజమనుకో" అని మిషన్‌కు చెప్పడం. ఆ క్షణాన ఆ బేస్ ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా ఉపగ్రహాలను వింటోంది. మీ ఫోను లాగే దానికీ ఒకటి రెండు మీటర్ల తేడా ఉంటుంది, ఎత్తులో ఇంకా ఎక్కువే. ఆ తేడాతో పుట్టిన అంకెనే నిజమని రాసుకుని అది రోవర్‌కు సవరణలు పంపింది. రోవర్ వాటిని సెంటీమీటరు ఖచ్చితంగా పాటించింది.

పార్సిల్ ఆఫీసులో తూకం మిషన్ ఉండేది. పొద్దున్నే ఖాళీ పళ్లెం మీద ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడకుండా పని మొదలుపెడితే, రెండు కిలోల తేడా ఉన్నా ఆ రోజంతా తెలియదు. ప్రతి మూటా రెండు కిలోలు ఎక్కువే తూగుతుంది. రెండు మూటల మధ్య తేడా మాత్రం గ్రాముతో సహా సరిగ్గా ఉంటుంది. ఒకే మూటను పదిసార్లు తూచినా అదే అంకె వస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఎప్పుడో వేరే స్టేషన్‌లో మళ్లీ తూచినప్పుడు గొడవ బయటపడుతుంది.

HERE నొక్కి పెట్టిన బేస్ సరిగ్గా ఆ తూకమే. గోడ పొడవు, వెడల్పు, మూల నుంచి మూలకు దూరం, ఇవన్నీ సెంటీమీటరుకు సరిపోతాయి. కానీ హాలు మొత్తం, చెక్కు చెదరకుండా, ఒక పక్కకు జరిగి ఉంటుంది. హాలు లోపలి కొలతలే కావాలంటే దీనివల్ల నష్టం లేదు. పొలంలో బేస్ ఒకచోట పెట్టుకుని తన గట్లు తానే కొలుచుకునే రైతుకూ నష్టం లేదు. ఆ కొలతను తీసుకెళ్లి వేరేవాళ్లు వేరే లెక్కలో గీసిన కాలువ మ్యాపు మీద పెట్టినప్పుడే నష్టం. మనకు జరిగింది అదే.

రెండో కొలత

సంఘం డబ్బులో ఒక్క రూపాయి ముట్టకుండా మాలో ఐదుగురం వేసుకుని ఇంకో సర్వే ఆయనను పిలిచాం. ఆయన మన డాబా మీద ఏ బేసూ పెట్టలేదు. సర్వే ఆఫ్ ఇండియా వారు దేశమంతటా శాశ్వతంగా బిగించిన స్టేషన్లు ఉన్నాయి. వాటిని కోర్స్ స్టేషన్లు అంటారు. వాటి స్థానం ఎప్పుడో జాగ్రత్తగా తేల్చి ఉంచినది. రిజిస్టరు చేసుకున్నవాళ్లు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టి మొబైల్ డేటాలో వాటి సవరణలు తెచ్చుకోవచ్చు. ఆయన రోవర్‌లో సిమ్ కార్డు వేసి, NTRIP అన్న చోట ఆ వివరాలు కొట్టి, ఐదు నిమిషాల్లో FIX తెచ్చుకున్నాడు.

స్టేషన్ దూరమైతే తేడా పెరగదా అని మేము అడిగాం. పెరుగుతుందట. ఇలాంటి మిషన్లకు కంపెనీలు మామూలుగా రాసేది అడ్డంగా 8 మిల్లీమీటర్లు, దాని మీద బేస్ నుంచి ఒక్కో కిలోమీటరుకు ఇంకో మిల్లీమీటరు అని. అంటే ఒక్క స్టేషన్‌నే నమ్ముకుని ముప్పై కిలోమీటర్ల దూరంలో కొలిస్తే ఇంకో మూడు సెంటీమీటర్లు కలుస్తాయి. అందుకే చుట్టూ ఉన్న కొన్ని స్టేషన్ల కొలతలను కలిపి, రోవర్ పక్కనే ఒక బేస్ ఉన్నట్టుగా లెక్క కట్టి పంపే పద్ధతి వచ్చింది.

ఆ కుర్రాడి అంకెల్లో నుంచి ఈయన అంకెలు తీసేస్తే నాలుగు మూలలకూ వచ్చిన తేడా ఇది, మీటర్లలో:

వాయవ్య మూల: తూర్పుకు 1.12, దక్షిణానికి 0.94
ఈశాన్య మూల: తూర్పుకు 1.13, దక్షిణానికి 0.95
ఆగ్నేయ మూల: తూర్పుకు 1.12, దక్షిణానికి 0.93
నైరుతి మూల: తూర్పుకు 1.11, దక్షిణానికి 0.94

ఈ అంకెలను ఒక్క నిమిషం నిదానంగా చూడండి. కొలిచిన చేయి తప్పైతే ఒక మూల ఇటు, ఒక మూల అటు పోయేది. ఇక్కడ నాలుగూ ఒకే దిక్కుకు, ఒకే దూరం, ఒక సెంటీమీటరు అటూ ఇటూగా జరిగాయి. మొత్తం జరుగుడు 1.46 మీటర్లు. ఎత్తులో కూడా నాలుగింటికీ దాదాపు ఒకే తేడా, 2.3 మీటర్లు. గోడ పొడవు మాత్రం ఇద్దరికీ 18.29 మీటర్లే, అంటే అరవై అడుగులు. మూలలన్నీ ఇలా కట్టగట్టుకుని కదిలాయంటే తప్పు రోవర్‌ది కాదు, బేస్‌ది. ఈ ఒక్క గుర్తు చాలు. దీనికి ఇంజనీరింగ్ చదువు అక్కర్లేదు, తీసివేత వస్తే చాలు.

ఆ 1.12 తూర్పు జరుగుడు తీసేస్తే, 0.90 మీటర్లు కాలువలో ఉందన్న మన గోడ, అదే మ్యాపు మీద, కాలువ గీతకు 0.22 మీటర్లు ఇవతల పడింది.

గ్రూపులో టపాసులు కాల్చకండి. ఇక్కడితో మనం గెలిచామని మేము అనడం లేదు. ఎందుకో చెప్తాం. దానికి ముందు FIX సంగతి.

FIX అని పడినా నమ్మకూడని వేళ

ఈశాన్య మూలలో పక్క ఫ్యాక్టరీ రేకుల షెడ్డు ఉంది, పైన కానుగ చెట్టు. రెండో ఆయన ఆ మూలను మూడుసార్లు కొలిచాడు. మొదటిసారీ మూడోసారీ వచ్చిన అంకెలు ఒకటిన్నర సెంటీమీటర్లలో కలిశాయి. మధ్యలోది మాత్రం 41 సెంటీమీటర్లు పక్కకు పోయింది, ఎత్తులో 70 సెంటీమీటర్లు. ఆ మధ్య కొలతకు కూడా తెర మీద FIX అనే ఉంది. పక్కన ఖచ్చితత్వం 0.012 అనే చూపించింది. మేము కళ్లారా చూశాం.

కారణం ఇది. రేకుల మీద పడి తిరిగొచ్చిన సంకేతాన్ని మిషన్ నేరుగా వచ్చిందనుకుంది. చెట్టు కొన్ని ఉపగ్రహాలను మూసేసింది. ఆ గందరగోళంలో చుట్ల లెక్క ఒకటి తప్పుగా తేలింది. చుట్ల లెక్క సరైనదే అనుకుని కట్టిన అంకె ఆ 0.012. లెక్కే తప్పైతే ఆ అంకెకు అర్థం లేదు. తప్పు రైలెక్కినవాడు టైముకు చేరాం అని సంతోషపడినట్టే.

పట్టుకునే దారి ఒక్కటే: మళ్లీ కొలవడం. అది కూడా నిలబడిన చోటే ఇంకోసారి బటన్ నొక్కడం కాదు, తప్పు లెక్క పట్టుకుని ఉన్న మిషన్ అదే తప్పును మళ్లీ చెప్తుంది. దాన్ని పట్టు విడిపించి, మొదటి నుంచి FIX తెప్పించాలి. అరగంటో గంటో ఆగి రావాలి, అప్పటికి పైన ఉపగ్రహాల అమరిక మారి ఉంటుంది. రెండు అంకెలూ రెండు మూడు సెంటీమీటర్లలో కలిస్తే నమ్మవచ్చు. మరీ మూసుకుపోయిన మూలైతే అక్కడ రోవర్ పెట్టనే కూడదు. ఆకాశం బాగా కనిపించే రెండు చోట్ల మేకులు కొట్టి, వాటిని రోవర్‌తో కొలిచి, అక్కడి నుంచి మూలకు టేపు పట్టాలి. పాతకాలపు టేపు ఈ పనిలో ఇప్పటికీ గొప్పదే.

వేళ కూడా చూడాలి. మన దక్షిణాది భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. సూర్యుడి మీద అలజడి ఎక్కువగా ఉండే సంవత్సరాల్లో, ముఖ్యంగా మార్చి ఏప్రిల్, సెప్టెంబరు అక్టోబరు నెలల్లో, పొద్దు గుంకినప్పటి నుంచి అర్ధరాత్రి దాకా పై పొరలు కల్లోలంగా ఉంటాయి. ఆ వేళ FIX రాదు, వచ్చినా నిలవదు. ఎండకు భయపడి రాత్రి ఏడింటికి కొలిచామని ఎవరైనా అంటే ఆ కాగితాన్ని రెండోసారి చూడండి.

ఇక కర్ర. అది నిటారుగా ఉందని చెప్పే నీటి బుడగ గుండ్రం మధ్యలో ఉండాలి. రెండు మీటర్ల కర్ర ఒక్క డిగ్రీ వాలితే కింది మొనకూ పై మిషన్‌కూ మధ్య మూడున్నర సెంటీమీటర్లు తేడా వస్తుంది. కొత్త మిషన్లు కొన్ని వాలును తామే సరిచేసుకుంటాయి. మన దగ్గరకు వచ్చిన కుర్రాడిది అలాంటిది కాదు, కర్రను ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో ఫోను మాట్లాడాడు. దాని కిందే "1 సెంటీమీటరు" అని రాశాడు.

కాలువ గీత ఎంత లావు

ఇప్పుడు అసలు వాదన. మన గోడను సెంటీమీటరులో కొలిచాం, సరే. దాన్ని పెట్టి చూసింది ఏ గీత మీద?

కాలువ గీత వచ్చింది పాత గ్రామ నక్షా నుంచి. కర్ణాటక గ్రామ నక్షాలు 1:7920 కొలమానంలో గీసినవి, అంటే మైలుకు ఎనిమిది అంగుళాలు. ఆ కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు ఎనిమిది మీటర్లు. సిరా గీత అర మిల్లీమీటరు లావున్నా, ఆ గీత ఒక్కటే నేల మీద నాలుగు మీటర్లు ఆక్రమిస్తుంది. దాని మీద కాగితం సాగింది, ముడుచుకుంది, స్కానైంది, నాలుగు గుర్తులు పట్టుకుని కంప్యూటరులో ఎక్కింది.

నాలుగు మీటర్ల లావు గీతకు మన గోడ 0.22 ఇవతల ఉందా, 0.90 అవతల ఉందా అని తేల్చడం కుదిరే పని కాదు. మొదటి డ్రాయింగు మనల్ని దోషులుగా చూపించలేదు, రెండోది మనల్ని నిర్దోషులుగా చూపించనూ లేదు. రెండో అంకె మనకు అనుకూలంగా ఉందని దాన్ని పట్టుకుని ఊరేగితే మనకూ ఆ కుర్రాడికీ తేడా ఉండదు. గ్రూపులో ఇప్పటికే ఇద్దరు ఆ 0.22ను స్టేటస్ పెట్టారు. దయచేసి తీసేయండి.

గీత లావును దాటాలంటే నక్షా వదిలి, ఆ నక్షా ఏ కొలతల నుంచి పుట్టిందో వాటి దగ్గరకు పోవాలి. పాత సర్వే వాళ్లు గొలుసు పట్టి కొలిచి రాసుకున్న టిప్పణి ఉంటుంది, నేల మీద వాళ్లు పాతిన హద్దు రాళ్లు ఉంటాయి. మిగిలిన రాళ్లు వెతికి, ఆ రాళ్లను రోవర్‌తో కొలిచి, టిప్పణిలోని దూరాలతో కాలువ అంచును తిరిగి నిలబెట్టాలి. అప్పుడు సెంటీమీటరు మిషన్ నిజంగా పనికొస్తుంది. ఆ పని చేయాల్సింది ప్రభుత్వ సర్వేయరు, ఇరుపక్కల వాళ్లూ ఎదురుగా ఉండగా. ప్రైవేటు డ్రాయింగ్ చూసి మనకై మనం గోడ పడగొట్టుకోవడం కాదు.

కాగితం మీద ఉండాల్సిన నాలుగు మాటలు

2021 ఫిబ్రవరి 15న కేంద్రం మ్యాపుల మీద ఉన్న పాత ఆంక్షలు ఎత్తేసింది. కోర్స్ సవరణలు కూడా భారతీయులందరికీ తెరిచింది. మంచిదే. ఇకమీదట రోవర్ పట్టుకున్నవాళ్లు ప్రతి వీధిలో కనిపిస్తారు. చిత్తూరు వైపు పొలాలున్న మన సభ్యులకు ఇది కొత్త కాదు. ఆంధ్రలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ఇవే కోర్స్ స్టేషన్లు, ఇవే రోవర్లు వాడారు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది హాలు గొడవకే కాదు, ఊళ్లో మీ గట్ల గొడవకూ పనికొస్తుంది. కొలత కాగితం ఎవరు తెచ్చినా ఈ నాలుగూ రాసి ఇమ్మనండి.

ఒకటి, బేస్ ఏది, దాని స్థానం ఎలా తెలిసింది. కోర్స్ స్టేషనైతే దాని పేరు. సొంత బేసైతే ఏ తెలిసిన గుర్తు మీద పెట్టారో. HERE నొక్కి ఉంటే ఆ మాటే రాయాలి.

రెండు, పరీక్ష కొలత. ఈ పనిలో వాడని, ముందే తెలిసిన ఒక గుర్తు మీద రోవర్ పెట్టి ఎంత తేడా వచ్చిందో. తూకం పళ్లెం ఖాళీగా చూడడం అంటే ఇదే. HERE తప్పు దీని ముందు ఒక్క నిమిషం నిలవదు. మన చుట్టుపక్కల అలాంటి గుర్తు లేకపోతే, మన రెండో ఆయన చేసినట్టు కల్వర్టు మీద మేకు కొట్టి వేర్వేరు రోజుల్లో రెండుసార్లు కొలవాలి. ఆయనకు రెండు సెంటీమీటర్లలో కలిసింది. అయితే మేకు పరీక్ష కొలత నిలకడగా ఉందనే చెప్తుంది. సొంత బేస్ తప్పుచోట ఉంటే, అదే బేస్‌తో ఎన్నిసార్లు కొలిచినా మేకూ ఆ తప్పుతోనే కలుస్తుంది.

మూడు, ప్రతి మూలా రెండుసార్లు కొలిచిన అంకెలు, మధ్యలో ఎంత సేపు ఆగారో టైముతో సహా.

నాలుగు, ఏ లెక్కలో, ఏ తేదీ నాటి స్థానాలు. ఇది విని చాలామంది నవ్వారు. నేల కదులుతుందా అని. కదులుతుంది. మనకు ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఐఐఎస్‌సీలో ప్రపంచ నెట్‌వర్కుకు చెందిన ఉపగ్రహ స్టేషన్ ఒకటి ఏళ్ల తరబడి నడుస్తోంది. దాని కొలతల ప్రకారం బెంగళూరు, మొత్తం భారత భూఫలకంతో కలిసి, ఏడాదికి సుమారు ఐదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి పోతోంది. ఇరవై ఏళ్ల నాటి స్థానానికీ నేటి స్థానానికీ ఒక మీటరు తేడా. గోడా కాలువా కలిసే కదులుతాయి కాబట్టి నేల మీద గొడవ లేదు. ఒకటి పాత తేదీ లెక్కలో, ఒకటి కొత్త తేదీ లెక్కలో కాగితం మీదకు వస్తేనే గొడవ.

ఎత్తు గురించి ఒక్క మాట. మొదటి డ్రాయింగులో మన హాలు నేల ఎత్తు 836 మీటర్లని ఉంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన కదా, హాలు అంత పల్లంలో ఉందా, కాలువ నీళ్లు లోపలికి రావా అని ఒక అక్క భయపడి అడిగారు. భయం వద్దు అక్కా. ఉపగ్రహ మిషన్ ఎత్తును లెక్క కోసం అనుకున్న ఒక నున్నటి కోడిగుడ్డులాంటి ఆకారం మీద నుంచి కొలుస్తుంది. సముద్ర మట్టం నుంచి కాదు. బెంగళూరు దగ్గర ఆ రెండింటికీ సుమారు 86 మీటర్ల తేడా ఉంది. రైల్వే స్టేషన్ బోర్డు మీద పసుపు మీద నల్లగా రాసే ఎత్తు సముద్ర మట్టం నుంచి. రెండింటినీ కలపకూడదు. కలిపి కాలువ వాలు లెక్క కడితే నీళ్లు ఎదురెక్కుతాయి.

మా ప్రతిపాదన

"పెద్దవాళ్లం, మనకేం తెలుసు, చదువుకున్న కుర్రాళ్లు చెప్పారు కదా" అని కమిటీలో ఒకరన్నారు. ఆ కుర్రాడి మీద మాకు కోపం లేదు. డబ్బిచ్చినవాళ్లు అరగంటలో తేల్చమన్నారు, తేల్చాడు. రెండో కొలత తర్వాత ఫోను చేసి అడిగితే "అంకుల్, HERE పెట్టడం మామూలే, ఎవరూ అడగరు" అన్నాడు. నిజమే చెప్పాడు. అడగనిది మనం.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో మేము మూడు తీర్మానాలు పెడతాం. గోడ తీసేస్తామన్న అంగీకార పత్రం మీద సంతకం వద్దు. పక్క స్థలం వాళ్లకు మన రెండో కొలత కాగితాలు పూర్తిగా ఇచ్చేద్దాం, మనకు అనుకూలం కానివి కూడా, ఈశాన్య మూల మధ్య కొలతతో సహా. ఇద్దరం కలిసి సర్వే శాఖకు అర్జీ పెట్టి, టిప్పణి పట్టుకుని హద్దు రాళ్ల నుంచి కొలిపిద్దాం. ఆ కొలతలో మన గోడ కాలువలో ఉందని తేలితే, గోడ మనమే తీసేద్దాం. కాలువ మూస్తే మునిగేది మన కింది వీధే.

రెండు డ్రాయింగులూ హాలు నోటీసు బోర్డు మీద పక్కపక్కన అంటించాం. వచ్చేటప్పుడు కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. నాలుగు మూలల తీసివేత మీరే వేసి చూసుకుని, ఆ తర్వాత చెయ్యి ఎత్తండి.